నీలం టిక్కుల తీర్పు

పెళ్లిచూపులు అయ్యాక అబ్బాయి మనసులో ఏముందో అమ్మాయికీ, అమ్మాయి మనసులో ఏముందో అబ్బాయికీ, ఇద్దరి మనసుల్లో ఏముందో పెద్దలకీ తెలియక ఎన్నో సంబంధాలు చెడిపోతున్నాయని రాజమహేంద్రవరంలోని శుభోదయ కల్యాణ పరిచయ సంఘం కనిపెట్టింది. అడిగితే తెలుస్తుంది కదా అని ఒక సభ్యుడు అనబోయాడు. అధ్యక్షులు లోకనాథం గారు ఆయన్ని చేత్తోనే కూర్చోబెట్టారు. సహకార శాఖలో డిప్యూటీ రిజిస్ట్రారుగా చేసి రిటైరైన మనిషి ఆయన. కాగితం లేకుండా వాన పడుతోందన్నా నమ్మేవారు కాదు.

"మనిషిని అడిగితే మనిషి చెబుతాడు. అది అభిప్రాయం. సంఘానికి కావలసింది ఆధారం," అన్నారాయన.

ఆధారం అందరి జేబుల్లోనూ ఉంది. పెళ్లిచూపుల తర్వాత ఇరుపక్షాలూ పదిహేను రోజులు ఫోన్లో చాట్ చేసుకోవాలి, ఆ స్క్రీన్‌షాట్లు సంఘానికి సమర్పించాలి, సంఘం వాటిని పరిశీలించి ఆసక్తి ధ్రువపత్రం ఇస్తుంది. అయిదు నిమిషాల్లోపు జవాబిస్తే గాఢాసక్తి. అరగంటలోపు అయితే సాధారణాసక్తి. గంటలోపు మర్యాద. గంట దాటితే నిరాసక్తత. చదివినట్టు నీలం టిక్కులు పడి కూడా పూటంతా జవాబు రాకపోతే దాన్ని 'తెలిసి చేసిన ఉపేక్ష' అన్నారు. ఈ మాట మీద లోకనాథం గారికి ప్రత్యేకమైన మమకారం.

ఇంత చాదస్తాన్ని ఎవరు ఒప్పుకుంటారని అనుకోవచ్చు. అందరూ ఒప్పుకున్నారు. వద్దని చెప్పే పాపం ఇక తమ నెత్తిన ఉండదని రెండువైపులవాళ్లూ ఊపిరి పీల్చుకున్నారు. ధ్రువపత్రం చూపించనిదే పురోహితుడు ముహూర్తం పెట్టనంటున్నాడని, ఫంక్షన్ హాలువాడు బుకింగు తీసుకోనంటున్నాడని వినిపించడంతో లోకనాథం గారు తెల్లని చొక్కాలకి గంజి ఎక్కువ పెట్టించడం మొదలెట్టారు.

ఈ స్క్రీన్‌షాట్లన్నీ చూసి నివేదిక రాసేది కాత్యాయని. సంఘంలో ప్రత్యుత్తర పరిశీలకురాలనే ఉద్యోగం ఒకటే ఉంది, అది ఆమెది. ముప్పై మూడేళ్లు, పెళ్లికాలేదు, అక్క సుగుణ ఇంట్లో ఉంటుంది. లెక్క అంటే లెక్కే అనే రకం. చేతిలో ఎర్ర పెన్ను ఉన్నప్పుడు తనకి లోకమంతా తేటగా కనిపిస్తుందని ఆమె నమ్మకం. ఆ రోజుల్లో ఆమెకి ఆ పని నచ్చింది కూడా, దాచడమెందుకు.

మొదట్లో వచ్చిన చిక్కల్లా తేదీలతో. చాట్‌లో మాటల మధ్యన చిన్న పట్టీ మీద 'ఈరోజు' అనో 'నిన్న' అనో ఉంటుంది. ఫోన్లో అయితే అది రోజుకో తీరున మారిపోతుంది, స్క్రీన్‌షాట్లో మాత్రం అలాగే నిలిచిపోతుంది. లోకనాథం గారు ఒక ఫైలుని వారం తర్వాత తెరిచి, అందులో 'ఈరోజు' అని ఉండటం చూసి, ఆ అమ్మాయి ఈరోజు జవాబిచ్చిందని నోట్ రాశారు. మర్నాడు చూస్తే అప్పుడూ 'ఈరోజు' అనే ఉంది. రికార్డును తప్పుదారి పట్టిస్తున్న అంశంగా దాన్ని పరిగణించి, ఇకమీదట తేదీ పట్టీలన్నిటినీ కత్తిరించి సమర్పించాలని ఉత్తర్వు ఇచ్చారు. గోప్యత నిమిత్తం పేరున్న పైభాగాన్ని కూడా తీసేయమన్నారు. ఇక మిగిలింది మాటలూ, వాటి కింద గంటలూ నిమిషాలూ, టిక్కులూ. న్యాయానికి ఇంతకన్నా ఏం కావాలి?

మస్కట్‌లో ఉద్యోగం చేసే అబ్బాయి కేసు వచ్చింది. అమ్మాయి తన స్క్రీన్‌షాట్ పంపింది, అబ్బాయి తనది పంపాడు. అమ్మాయి ఫోన్లో ప్రశ్న వెళ్లినది రాత్రి తొమ్మిదీ నలభైకి. అబ్బాయి ఫోన్లో దానికి జవాబు వెళ్లినది ఎనిమిదీ పన్నెండుకి. ఏ ఫోను ఆ ఫోనున్న ఊరి టైమే చూపిస్తుందని, అక్కడి గడియారం మనకన్నా గంటన్నర వెనక నడుస్తుందని, అబ్బాయి నిజానికి రెండు నిమిషాల్లో జవాబిచ్చాడని కాత్యాయని నోట్ పెట్టింది. లోకనాథం గారు ఆ నోట్ చదివి, సంఘం పరిధి రాజమహేంద్రవరమేనని, మస్కట్ గడియారంతో సంఘానికి ఉత్తరప్రత్యుత్తరాలు లేవని రాసి, అడగకముందే జవాబిచ్చిన ఈ అభ్యర్థికి 'ముందస్తు ఆసక్తి' అనే కొత్త హోదా మంజూరు చేశారు. ఆ హోదా అప్పటినుంచి చాలామంది ఆశించారు గానీ మళ్లీ ఎవరికీ దక్కలేదు.

ఇంకొక అమ్మాయి తన ఫోన్లో చదివినట్టు తెలియజేసే ఏర్పాటును ఆపేసుకుంది. అలా ఆపితే ఆమె చదివిన సంగతి అవతలివాళ్లకీ తెలియదు, వాళ్లు చదివిన సంగతి ఆమెకీ తెలియదు. టిక్కులు ఎప్పటికీ బూడిద రంగులోనే ఉండిపోతాయి. కానీ జవాబులు మాత్రం చకచకా వచ్చాయి. చదవకుండానే జవాబిచ్చిందంటే అది గుడ్డి ప్రేమ కాక మరేమిటని సంఘం తేల్చింది.

సబ్‌మెర్సిబుల్ మోటార్లు అమ్మే పెళ్లికొడుకు కేసు సంఘ చరిత్రలోనే గొప్పది. అతను దుకాణం నంబరే ఇచ్చాడు. షట్టరు దించాక ఎవరు మెసేజ్ పెట్టినా ఆ నంబరు నుంచి జవాబు దానంతటదే పోతుంది. 'మీరు ఎలాంటివారో తెలుసుకోవాలని ఉంది' అని అమ్మాయి రాసింది. అదే నిమిషంలో జవాబు: 'మీ సందేశం అందినది. మా ప్రతినిధి త్వరలో మిమ్మల్ని సంప్రదిస్తారు.' సంఘం గాఢాసక్తి ఇచ్చింది. ప్రతినిధి అనే మాటలో మధ్యవర్తి ద్వారా మాట్లాడదామనే సంప్రదాయబద్ధమైన సంస్కారం కనబడుతోందని లోకనాథం గారు పత్రంలో ప్రత్యేకంగా మెచ్చుకున్నారు. తాంబూలాలు పుచ్చుకున్నాక గానీ పెళ్లికొడుకు ఆ చాట్ తెరవలేదు.

ఇవన్నీ నవ్వుకునేవి. సత్యవాణి కేసు అలాంటిది కాదు. ఆమె ఒక బ్యాంకులో గుమాస్తా. ఆఫీసు కంప్యూటర్లో అబ్బాయి చాట్‌ని ఎప్పుడూ తెరిచి ఉంచుకునేది. ఆమె కౌంటరు దగ్గర జనంతో కుస్తీ పడుతుంటే తన సీటు దగ్గర ఖాళీ కుర్చీ ముందు అబ్బాయి మాటలు తెర మీదకి వస్తూనే ఉన్నాయి, వచ్చినవి వచ్చినట్టే అతని ఫోన్లో నీలం అవుతూనే ఉన్నాయి. ఆమె చూసేది సాయంత్రం. చూడగానే ఆదరాబాదరా పేజీలకి పేజీలు జవాబు రాసేది. కాత్యాయని ఎర్ర పెన్నుతో 'తెలిసి చేసిన ఉపేక్ష' అని రాసింది. సత్యవాణి సంఘానికి వచ్చి, నేను సీట్లో లేనండీ, చదివింది కంప్యూటరండీ అని చెప్పుకుంది. కంప్యూటరు ఎవరి పేరున తెరిచి ఉందో వారు చదివినట్లే భావించబడునని లోకనాథం గారు చెప్పారు. ఆ అమ్మాయి కళ్లు ఒత్తుకుంటూ మెట్లు దిగిపోయింది. కాత్యాయని లేచి కూజా దగ్గరకి వెళ్లింది. మంచినీళ్లు తాగి తర్వాతి ఫైలు తీసింది.

తర్వాత కొన్నాళ్లకి ఆ ఫైళ్లలోకి ఆమె ఫైలే వచ్చి చేరింది.

సంబంధం తెచ్చింది సుగుణ. అబ్బాయి పేరు చక్రధర్, ముప్పై ఆరేళ్లు, గోదావరి కాలువల లాకుల మీద అసిస్టెంటు ఇంజనీరు. పెళ్లిచూపుల్లో అందరూ జీతం గురించి, జాతకం గురించి మాట్లాడుతుంటే అతను ఉప్మాలోని జీడిపప్పులన్నీ పళ్లెం అంచుకి తోసి దాచుకున్నాడు. మంచిది చివర్లో తింటానండీ, అలవాటు, అన్నాడు. లాకులో పడవని ఎలా నిలబెడతారో కాత్యాయనికి వివరించాడు. రెండువైపులా నీరు సమమయ్యేదాకా తలుపు తీయకూడదట, తొందరపడితే పడవ తిరగబడుతుందట. ఆ సంగతిని అతను ఎంత నెమ్మదిగా చెప్పాడంటే మధ్యలో కాఫీ చల్లారిపోయింది. ఆమెకి నచ్చాడు. వాళ్లు వెళ్లాక అక్కతో ఫరవాలేదు అంది. సుగుణకి చెల్లెలి ఫరవాలేదుల అర్థాలన్నీ తెలుసు కాబట్టి చాట్‌కి అతని నంబరు తెచ్చిచ్చింది.

చాట్ మొదలైంది. మామూలు సంగతులకి అతను వెంటనే జవాబిచ్చేవాడు. కాలువకి నీళ్లు వదిలారా అంటే వదిలారని, భోంచేశారా అంటే చేశానని. కానీ ఆమె గుండె చిక్కబట్టుకుని పెళ్లి గురించి ఏదైనా అడిగిందా, అంతే సంగతులు. ఆఫీసులో టీ వేళకి మూడూ అయిదుకి 'మీవాళ్లకి నేను నచ్చానా' అని పెట్టింది. చూస్తుండగానే నీలం అయింది. పైన 'టైపింగ్' అని వచ్చింది. ఆగిపోయింది. జవాబు వచ్చింది నాలుగూ ముప్పై రెండుకి: 'చాలా నచ్చారండి.' మరోనాడు భోజనం వేళ పన్నెండూ పదికి 'పెళ్లయ్యాక నేను ఉద్యోగం చేస్తే మీకు అభ్యంతరమా' అని అడిగింది. నీలం. టైపింగ్. నిశ్శబ్దం. ఒకటీ ముప్పై ఒకటికి 'అస్సలు లేదండి' అని వచ్చింది. ఆ రెండు ముక్కలు రాయడానికి అంతసేపెందుకు పట్టిందో ఆమె ఎన్ని తీర్ల ఆలోచించినా రెండే సమాధానాలు తట్టేవి. ఎవరినో అడుగుతున్నాడు. లేదా ఏం అబద్ధమాడాలో వెతుక్కుంటున్నాడు.

తనేం చేసేదో మాత్రం ఆమె లెక్కలోకి తీసుకోలేదు. అతని మెసేజ్ రాగానే ఫోను పైనుంచి దిగే నోటిఫికేషన్లోనే చదివేసేది. అలా చదివితే చాట్ తెరిచినట్టు కాదు, అతనికి టిక్కులు బూడిద రంగులోనే ఉంటాయి. ఆత్రపడుతున్నట్టు కనిపించకూడదని గంటలకొద్దీ తెరిచేది కాదు. ఈలోగా అతని రెండు ముక్కల్నీ కంఠతా పట్టేసేది.

"అడగొచ్చుగా, ఎందుకు ఆలస్యమవుతోందని?" అంది సుగుణ, వంకాయలు తరుగుతూ.

"అడిగితే ఏదో ఒకటి చెబుతాడక్కా. అది అభిప్రాయం."

సుగుణ వంకాయల మీంచి తలెత్తింది. "నీకు మీ ప్రెసిడెంటు గారి గాలి సోకిందే," అని మళ్లీ వంకాయల్లో పడింది.

గడువు ముగిసింది. సొంత ఫైలు తానెలా చూడాలని కాత్యాయని లోకనాథం గారిని అడిగింది. పరిశీలకురాలి పదవి ఒకటే మంజూరైనందున, పరిశీలకురాలి వ్యక్తిగత ఫైలును సైతం పరిశీలకురాలే పరిశీలించుట నిష్పాక్షికతకు నిదర్శనమని ఆయన సెలవిచ్చారు. ఆమె చాట్‌లోంచి పెళ్లి మాటలున్న చోట్లు ఏరి స్క్రీన్‌షాట్లు తీసింది, తేదీ పట్టీలు కత్తిరించింది, వరసగా అతికించింది. మూడూ అయిదు, నాలుగూ ముప్పై రెండు. పన్నెండూ పది, ఒకటీ ముప్పై ఒకటి. నాలుగూ నలభై అయిదు, ఆరూ ఒకటి. మామూలుగా స్క్రీన్‌షాట్ చూసినవాళ్లకి మెసేజ్ నీలమైందని తెలుస్తుందే గానీ ఎప్పుడైందో తెలియదు. జవాబుకి ముందు క్షణంలో చదివినా అదే నీలం. కానీ ఆమె నిలువునా నిజాయితీపరురాలు కాబట్టి, ఒక్కో మెసేజ్ వివరాల్లోకి వెళ్లి ఎప్పుడు చదివాడో ఆ సమయాన్ని కూడా జతచేసింది. అన్నీ వెంటనే చదివినవే. ఉరితాడుకి తానే కొవ్వు రాసుకున్నట్టయింది.

సత్యవాణిని వదలనిదాన్ని, నన్ను నేను మాత్రం ఎలా వదులుకుంటాననుకుంది. ఎర్ర పెన్ను తీసి 'నిరాసక్తత' అని రాసింది. ఆ మనిషి తనకి కావాలని అప్పటికి ఆమెకి బాగా తెలుసు, ఆ మనిషికి తను అక్కర్లేదని కూడా కాగితం మీద అంతే బాగా తెలిసిపోయింది.

ఆ నివేదిక శుక్రవారం ఉదయం లోకనాథం గారి బల్ల మీదకి వెళ్లింది. ఆయన చదివి, నిర్దుష్టంగా ఉందని మెచ్చుకుని, పెన్నుకి మూత పెట్టేశారు. సంతకం పన్నెండు దాటాక పెడతానన్నారు. అది మామూలే. సర్వీసులో ఉన్నన్నాళ్లూ, ఇప్పుడూ, ఆయన రాహుకాలంలో ఏ శుభకార్యానికి సంబంధించిన కాగితం మీదా సంతకం పెట్టి ఎరగరు. అందుకే ఆ గదిలో పంచాంగం ఉన్న పెద్ద క్యాలెండరు వేలాడుతుంది. కాత్యాయని దాన్ని సెలవుల కోసం తప్ప ఎప్పుడూ చూడలేదు.

పదకొండు కాకుండానే ఆమె కిటికీలోంచి చక్రధర్‌ని చూసింది. ఇస్త్రీ చొక్కా, చేతిలో హెల్మెట్టు. ఫలితం తెలుసుకోవడానికి వచ్చినట్టున్నాడు. మెట్లెక్కి వరండాలోకి వచ్చాడు, చేతి గడియారం చూసుకున్నాడు, బల్ల మీద కూర్చున్నాడు. ఆమె లోపలికి వస్తాడని చూసింది. రాలేదు. అటెండరు వెళ్లి, లోపలికి రండి అంటే, ఫరవాలేదండీ, కాస్సేపు ఉంటాను అన్నాడట. పదకొండున్నర అయినా అక్కడే. హెల్మెట్టుని ఒళ్లో అటూ ఇటూ తిప్పుతూ, గడియారం చూసుకుంటూ.

ఇక్కడ కూడా ఇంతే, అనుకుంది ఆమె. తలుపు తెరిచే ఉంది, పది అడుగులు లేవు, అయినా ఈ మనిషికి రావాలని లేదు. ఫోన్లో అయితే సిగ్నలు లేదనుకోవచ్చు, ఇప్పుడు ఏమనుకోవాలి? ఆమెకి కోపం వచ్చింది, దాని వెనకాలే ఏడుపూ వచ్చింది. అవతల బల్ల దగ్గర లోకనాథం గారు పెన్ను పక్కన పెట్టుకుని గోడ గడియారాన్ని చూస్తున్నారు. వరండాలో అతను, గదిలో ఈయన, ఇద్దరూ ఒకే ముల్లు కోసం ఎదురుచూస్తున్నారని ఆమెకి అప్పుడైనా తట్టలేదు.

పన్నెండయింది. లోకనాథం గారు పెన్ను మూత తీశారు. అదే క్షణంలో చక్రధర్ గుమ్మంలోకి వచ్చి నమస్కారం పెట్టాడు.

కాత్యాయని లేచి నిలబడింది. "ఇందాకటినుంచి బయటెందుకు కూర్చున్నారు?" అంది. గొంతు తను అనుకున్నదానికన్నా గట్టిగా వచ్చింది.

అతను హెల్మెట్టుని చంకలోకి మార్చుకున్నాడు. ప్రెసిడెంటు గారి వంక, ఆమె వంక చూశాడు. "శుక్రవారం కదండీ," అన్నాడు. "పదిన్నర నుంచి పన్నెండు దాకా రాహుకాలమండి."



"నాకు వీటిమీద నమ్మకం లేదండి," అని అతను తొందరగా చెప్పుకుపోయాడు. "ఇంజనీరింగు చదివినోణ్ని. గేట్లు ఎత్తేటప్పుడు కూడా ఎప్పుడూ చూళ్లేదు. కానీ మీరు పెళ్లి మాట అడిగినప్పుడల్లా రాహుకాలమే నడిచేది, జవాబు రాసేసి కూడా పంపబుద్ధయ్యేది కాదండి. ఈ ఒక్క విషయంలో ఎందుకు పంతానికి పోవాలీ, ఏమైనా తేడా వస్తే, అని ఆగేవోణ్ని. అది వెళ్లగానే పంపేసేవోణ్ని."

కాత్యాయని ఫోను తీసింది. చాట్‌లో పైకి జరిపింది. తాను కత్తిరించి పారేసిన పట్టీలు అక్కడ ఎక్కడివక్కడే ఉన్నాయి. నాలుగూ ముప్పై రెండు మంగళవారం. ఒకటీ ముప్పై ఒకటి బుధవారం. ఆరూ ఒకటి ఆదివారం. ఆమె గోడ మీది క్యాలెండరు దగ్గరకి నడిచింది. మంగళవారం మూడు నుంచి నాలుగున్నర. బుధవారం పన్నెండు నుంచి ఒకటిన్నర. ఆదివారం నాలుగున్నర నుంచి ఆరు. గంట దాటిన ప్రతి ఆలస్యంలోనూ రాహుకాలం ముగిసిన మరుక్షణం జవాబు వచ్చి ఉంది. మరే మనిషీ ఆమె కోసం ఇంత భయపడి ఉండడు. ఆ ఆలోచన రాగానే ఆమెకి సిగ్గుతో మొహం వేడెక్కిపోయింది, సంతోషంతో కూడా.

"మీరు మాత్రం గంటలకొద్దీ చదివేవారే కాదు కదండీ," అన్నాడు చక్రధర్ మెల్లిగా. "నాకు టిక్కులు నీలం అయ్యేవి కాదు. మీకు ఇష్టం లేదేమో, ఇవాళ అదే చెబుతారేమో అనుకునే వచ్చాను."

ఆమె లోకనాథం గారి వైపు తిరిగి, నివేదిక వెనక్కి తీసుకుంటున్నానని, రాహుకాలం కారణంగా ఆగడం నిరాసక్తత కాదని, మీరూ ఆ కారణానికే ఇంతసేపు సంతకం ఆపారని చెప్పింది.

లోకనాథం గారు కళ్లజోడు సవరించుకున్నారు. "నేను ఆగడం కార్యాలయ పద్ధతి. ఆయన ఆగడం జాప్యం. ఈ రెంటినీ సమానంగా పరిగణించుటకు నియమావళిలో ఆస్కారం లేదమ్మా," అన్నారు. రాహుకాలాన్ని మినహాయిస్తే రేపు యమగండాన్ని మినహాయించమంటారు, ఆపైన వర్జ్యం, దుర్ముహూర్తం, చివరికి ఆసక్తి కొలవడానికి రోజులో టైమే మిగలదు అన్నారు. అందులో అబద్ధం లేదు. ఆపైన నింపాదిగా, శుభఘడియలో, నిరాసక్తత మీద సంతకం పెట్టారు.

చక్రధర్ సంతకాన్ని చూశాడు. మొహం వాడిపోయింది. అయినా తిరిగి వెళ్లిపోలేదు. చేతి గడియారం చూసుకున్నాడు.

"మళ్లీ పన్నెండూ ఇరవై నాలుక్కి దుర్ముహూర్తం వస్తుందండి," అన్నాడు కాత్యాయనితో. "ఈలోగా చెప్పేస్తే... మావాళ్లకి ఏం చెప్పమంటారు?"

"సరేనని చెప్పండి," అంది ఆమె.

ప్రశ్నకీ జవాబుకీ మధ్య ఆమె ఊపిరి కూడా తీసుకోలేదు. లోకనాథం గారు అలవాటుకొద్దీ గోడ గడియారం వైపు చూసి, నిమిషం కూడా కాలేదని, గాఢాసక్తి కిందకి వస్తుందని గొణిగారు. మరుక్షణం తేరుకుని, నోటిమాటకి స్క్రీన్‌షాట్ లేదు గనుక ఇది సంఘం దృష్టికి రానట్లే అన్నారు.

ఆ మధ్యాహ్నం కాత్యాయని తన ఎర్ర పెన్నుని బల్ల మీద పెట్టి, ముందుగా సత్యవాణికి ఫోన్ చేసింది. తప్పు రాశానని చెప్పింది. ఆ అబ్బాయికి ఇంకా ఎక్కడా కుదరలేదని ఫైల్లో చూసి, ఆ కబురూ అందించింది. మెసేజ్ పెట్టకండి, ఫోన్ చేసి మాట్లాడండి అని రెండుసార్లు చెప్పింది. తర్వాత బ్యాగు తీసుకుని బయటికి వచ్చింది. వరండాలో చక్రధర్ ఇంకా కూర్చునే ఉన్నాడు. దుర్ముహూర్తం వెళ్లాక బయల్దేరదామని.

ఆమె కూడా వెళ్లి అతని పక్కన కూర్చుంది.